రిపోర్టులోని స్టాండర్డ్ స్కోరు, పర్సంటైల్ తల్లిదండ్రులకు ఎలా చెప్పాలి?

చదవడం, రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు టెస్ట్ చేయించాక ఒక రిపోర్టు వస్తుంది. అందులో "రీడింగ్: స్టాండర్డ్ స్కోరు 87, పర్సంటైల్ 19" అని ఉంటుంది. ఆ రెండు అంకెలు చదివి వినిపించి, "డౌట్లుంటే అడగండి" అని చేతులు దులుపుకునే కౌన్సెలర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్లు ఎంతమందో. ఆ తర్వాత ఆ తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి "మేడమ్, 19 అంటే ఫెయిలేనా?" అని అడుగుతుంటారు. టెస్టులు చేసేవాళ్లు, స్కూళ్లలో ఈ రిపోర్టులు చూసే టీచర్లు ఈ పనిని ఇలా చేయాలి.

1. సిద్ధం చేసుకోవలసినవి

రిపోర్టు, ఆ టెస్ట్ మాన్యువల్, రెండు తెల్ల కాగితాలు, లావుపాటి స్కెచ్ పెన్ను. బాల్‌పెన్ను వద్దు, ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది. అమ్మానాన్న ఇద్దరూ రావాలి. రిపోర్టును ముందురోజు వాట్సాప్‌లో పంపకండి. రాత్రంతా ఆ అంకెల్ని గూగుల్ చేసి, టెన్షన్‌తో నిద్రలేకుండా వస్తారు. గంట ఆకారంలో ఉండే గ్రాఫు అసలు తీయకండి. అది మనకు అర్థమవుతుంది కాబట్టి చూపిస్తాం తప్ప, వాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

2. స్టాండర్డ్ స్కోరు చెప్పడం

ఒక్క నిమిషం చాలు. "ఇదే వయసు పిల్లల సగటును 100 అనుకుంటారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు 85కీ 115కీ మధ్యలో ఉంటారు. బాబుకు 87 చుట్టుపక్కల వచ్చింది." ఆ "చుట్టుపక్కల" అనే మాట మొదటి నుంచే వాడండి, తర్వాత పని తేలికవుతుంది.

3. పర్సంటైల్ చెప్పడం

మన ఇళ్లలో పర్సంటైల్ అనగానే జేఈఈ మెయిన్ గుర్తొస్తుంది. అక్కడ దశాంశం తర్వాత ఏడు అంకెల దాకా ఇస్తారు. లక్షలమంది రాసే పరీక్ష, ర్యాంకులు విడదీయాలి కాబట్టి అది వాళ్లకు అవసరం. మన టెస్టులో ఒక్కో వయసుకు పోల్చి చూసింది మహా అయితే కొన్ని వందలమంది పిల్లల్ని. ఇక్కడ "19.3" అని రాయడం కూరగాయల కాటా మీద బంగారం తూచినట్టే. కంప్యూటర్ ఇచ్చినా సరే, దశాంశాలు కొట్టేయండి.

రెండో చిక్కు 35 మార్కులది. పాస్ మార్కు 35 అని మనసులో పాతుకుపోయింది కాబట్టి 19 అనగానే ముఖం వాడిపోతుంది. అందుకే శాతం అనే మాట నోట రానివ్వకండి. ఇలా చెప్పండి: "బాబు వయసు పిల్లలు వందమందిని, చదవడం ఎలా వచ్చో చూసి వరసలో నిలబెడితే, సుమారు 19 మంది బాబు పక్కనో, వెనకో ఉంటారు. మిగతావాళ్లు ముందుంటారు. ఇవి మార్కులు కావమ్మా. ఇచ్చిన మాటల్లో ముప్పావు వంతు సరిగ్గా చదివిన పిల్లాడికి కూడా ఇదే 19 రావచ్చు."

వెంటనే వాళ్లచేత తిరిగి చెప్పించండి. "నాన్నగారూ, ఇంట్లో తాతయ్యకు ఇది ఎలా చెప్తారు?" అని అడగండి. "వందకి 19 వచ్చాయట" అన్నారంటే మళ్లీ మొదటికి రండి.

4. రేంజ్ చెప్పడం: అసలు పని ఇక్కడే

చాలామంది చెడగొట్టేది ఈ మెట్టునే. టెస్ట్ మాన్యువల్‌లో ప్రతి స్కోరుకూ ఎంత తేడా రావచ్చో ఉంటుంది. ఈ రీడింగ్ టెస్ట్ విశ్వసనీయత, అంటే మళ్లీ పెట్టినా దాదాపు అదే ఫలితం వచ్చే నిలకడ, 0.90 అనుకుందాం. 15 అనేది స్టాండర్డ్ స్కోర్లు సగటు నుంచి చెదిరే కొలత, 1.96 అనేది 95 శాతం నమ్మకానికి వాడే అంకె. లెక్క ఇదీ:

```
15 × √(1 − 0.90) ≈ 4.7
4.7 × 1.96 ≈ 9
```

అంటే 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 87కి అటూ ఇటూ 9: 78 నుంచి 96 దాకా. ఇంతవరకు చాలామంది రిపోర్టులో రాస్తారు. కానీ పర్సంటైల్‌ను మాత్రం ఒంటరిగా 19 అని వదిలేస్తారు. ఆ రేంజ్‌ను పర్సంటైల్‌లోకి మార్చి చూడండి: 78 అంటే 7, 96 అంటే 39. వందమంది వరసలో వెనక నుంచి ఏడో స్థానం దగ్గర ఉన్న పిల్లాడి పరిస్థితి వేరు, ముప్పై తొమ్మిదో స్థానం దగ్గరి పిల్లాడి పరిస్థితి వేరు. మనం కొలిచింది ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. స్కోర్లు ఎక్కువగా సగటు దగ్గరే గుమిగూడతాయి కాబట్టి అక్కడ నాలుగు పాయింట్లు కదిలినా పర్సంటైల్ ఎగిరి దూకుతుంది. 100 నుంచి 105కి వెళ్తే 50 కాస్తా 63 అవుతుంది. అదే 130 నుంచి 135కి వెళ్తే 98 నుంచి 99, అంతే.

ఇప్పుడు స్కెచ్ పెన్ను తీయండి. కాగితం మీద అడ్డంగా గీత గీసి 70, 85, 100, 115, 130 గుర్తులు పెట్టండి. 78 నుంచి 96 దాకా లావుగా రంగు పూయండి. 87 దగ్గర చుక్క పెట్టొద్దు. చుక్క పెడితే కళ్లు దాని మీదే ఉండిపోతాయి, మీరు ఎన్ని చెప్పినా వినరు. ముందు పట్టీ చూపించి, "బాబు చదివే స్థాయి ఇందులో ఉండే అవకాశం ఎక్కువ. ఆ రోజు నిద్ర సరిపోకపోయినా, తెలిసిన మాటలు తగిలినా అంకె అటూ ఇటూ జరుగుతుంది" అనండి. 87 అనే అంకె ఆ తర్వాతే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, "యావరేజ్ కంటే తక్కువ" లాంటి లేబుళ్లు. 89కి ఒక పేరు, 90కి ఇంకో పేరు పెట్టే పట్టికలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ పట్టీ అలాంటి మూడు గడుల్ని తాకుతోంది, ఏ పేరు పెడతారు? రెండోది దీనికి ఎదురు తప్పు: రేంజ్ ఉంది కదా అని "అంకెల్ని పట్టించుకోకండి" అనేయడం. రీడింగ్ 68 వచ్చిన పాప ఉందనుకోండి. ఇదే టెస్టులో రేంజ్ 59 నుంచి 77. పై కొస తీసుకున్నా పర్సంటైల్ 6 మాత్రమే. అప్పుడు నసగకండి. "అంకె కచ్చితంగా ఎంతో చెప్పలేను. కానీ ఈ పట్టీలో ఏ చివర చూసినా పాపకు చదవడంలో గట్టి సాయం కావాలి, అందులో అనుమానం లేదు" అని సూటిగా చెప్పండి.

5. పోయినసారితో పోల్చడం

పోయినేడు 90, ఈసారి 87. "పర్సంటైల్ 25 నుంచి 19కి పడిపోయింది, ట్యూషన్ మార్చాలా?" అని అడుగుతారు. రెండుసార్లూ కొలతలో తేడా ఉంటుంది కాబట్టి ఈ టెస్టులో సుమారు 13 పాయింట్ల తేడా దాటితేనే మార్పు వచ్చిందని చెప్పగలం. మూడు పాయింట్లకు ట్యూషన్ మార్చనక్కర్లేదు. స్కోరు 87 దగ్గరే ఉందంటే ఏడాదిలో ఏమీ నేర్చుకోలేదని కూడా కాదు. తోటి పిల్లలు నేర్చుకున్నంత బాబూ నేర్చుకున్నాడు, అందుకే వరసలో అక్కడే ఉన్నాడు. ఈ వాక్యం చెప్పడం మాత్రం మరిచిపోవద్దు, చాలా ఇళ్లలో పిల్లాడికి తిట్లు తప్పేది దీనివల్లే.

6. ఇంటికి పంపేటప్పుడు

రంగు పూసిన కాగితం వాళ్లకే ఇవ్వండి. దాని కింద టెస్ట్ పేరు, తేదీ, ఏ దేశపు పిల్లలతో పోల్చారో రాయండి. అమెరికా పిల్లలతో పోల్చిన ఇంగ్లిష్ రీడింగ్ టెస్ట్ అయితే, తెలుగు మీడియం పిల్లాడికి ఏ పట్టీ గీసినా అది నిజం చెప్పదు. ఆ మాట కూడా అక్కడే రాసేయండి. స్కూలు ఫారంలో ఒకే అంకెకు చోటుంటే 87 అని రాసి, పక్కనున్న ఖాళీలో "78–96" అని పెట్టండి. చోటు లేదంటారు, మార్జిన్‌లో రాయండి.