బొటిక్‌కి పేరు ఖాయం చేసే ముందు ఒక ఫోన్ పరీక్ష

బోర్డు మీద పేరు బాగానే ఉంటుంది, కానీ ఫోన్‌లో చెబితే ఎదుటివాళ్లకు అర్థం కాదు, మ్యాప్‌లో వెతికితే దొరకదు. బోర్డుకి అడ్వాన్సు ఇవ్వకముందే ఇది తేల్చుకోవచ్చు.

సాయంత్రం ఆరింటికి, భీమవరమో తణుకో, మీ బజారు రద్దీలోనే నిలబడి ముగ్గురికి ఫోన్ చేయండి. పేరు ఒక్కసారే చెప్పి, ఇంగ్లీషు అక్షరాల్లో వాట్సాప్‌ చేయమనండి. ‘ధృతి’ అంటే ఒకరు Druthi, ఇంకొకరు Dhruthi, మరొకరు Dhriti అని పంపుతారు. అంటే కస్టమర్లూ అలా మూడు రకాలుగానే వెతుకుతారన్నమాట. అదే ‘రవిక’ అయితే ముగ్గురూ Ravika అనే కొడతారు. ముగ్గురిలో కనీసం ఇద్దరిది కలవకపోతే ఆ పేరు వదిలేయడమే మంచిది. కలిస్తే అదే స్పెల్లింగ్‌తో మ్యాప్‌లో మీ ఊరూ పక్క ఊళ్లూ వెతికి, ఆ పేరుతో ఇంకో షాపు లేదని చూసుకోండి.

‘రవిక’లో ఒత్తులు లేవు కదా, బోర్డు ఎత్తంతా అక్షరానికే దక్కుతుంది. ‘లక్ష్మీ’ లాంటి పేరుకి కింద ఒత్తులకీ చోటు వదలాలి, దాంతో అసలు అక్షరం చిన్నదైపోయి రోడ్డు అవతలికి ఆనదు.

ఒక్క జాగ్రత్త. రేపు డ్రెస్సులు కుట్టాలన్నా, పక్కన పార్లర్ పెట్టాలన్నా ‘రవిక’ అడ్డే. జాకెట్లు మాత్రమే కుడతారనుకుని జనం లోపలికి రారు. ఆ ఆలోచన ఉంటే ‘మాలిక’ లాంటి, పనిని సూచించని పేరుని ఇదే పరీక్షకి పెట్టండి.