నగల కొట్టుకు వచ్చేవాళ్లను శుభకార్యాన్ని బట్టి, కొనే బరువును బట్టి విడదీయడం ఎలా?

తిరుపతిలో ఒక నగల కొట్టుకు చాలాకాలంగా లెక్కలు రాస్తున్నాను. మొదట్లో మేమూ అందరిలాగే బిల్లు మొత్తాన్ని చూసి ‘పెద్ద గిరాకీ, చిన్న గిరాకీ’ అని రెండు కుప్పలు పోసేవాళ్లం. ఒక పెళ్లివారి వల్ల అది తప్పని తెలిసింది.

ఆ ఇంటివాళ్లు కార్తీకంలో 40 గ్రాముల హారం కొన్నారు. 22 గ్రాముల పాత బంగారం వేయడంతో బిల్లులో కట్టిన డబ్బు తక్కువగా కనిపించింది. ఇరవై రోజులకు 24 గ్రాముల గాజులు, ఆ తర్వాత పెళ్లికొడుక్కి 6 గ్రాముల ఉంగరం, చివర్లో 4 గ్రాముల తాళిబొట్లు తీసుకున్నారు. ఆ చివరి బిల్లును బట్టి వాళ్లను చిన్న గిరాకీలో వేసేశాం. నిజానికి అది 74 గ్రాముల పెళ్లి, అంటే తొమ్మిది సవరల పైమాటే. కాబట్టి విడదీయాల్సింది బిల్లుల్ని కాదు, కార్యాల్ని.

మొదటి పని: అడిగి రాసుకోవడం. బిల్లు వేసేటప్పుడు ‘ఏం శుభకార్యం అమ్మా? ఎవరింట్లో?’ అని రెండు ముక్కలు అడగాలి. తేదీని చూసి ఊహించకూడదు. అక్షయ తృతీయ నాడు పెళ్లి హారానికి అడ్వాన్సు ఇచ్చినవాళ్లది పెళ్లి కిందే రాయాలి, పండగ కింద కాదు.

‘ఎవరింట్లో’ అన్నది మరీ ముఖ్యం. చెవులు కుట్టించేటప్పుడు కమ్మలు తెచ్చేది చాలా ఇళ్లల్లో మేనమామ. బిల్లు ఆయన ఫోన్ నంబరు మీద ఉంటుంది, బిడ్డ మాత్రం చెల్లెలి బిడ్డ. ఓణీల ఫంక్షన్‌కూ ఇదే వరస. అందుకే కొన్నవారి నంబరు ఒక గడిలో, కార్యం ఎవరింటిదో ఇంకో గడిలో రాయాలి.

పెట్టెలు ఏడు చాలు: పెళ్లి, ఓణీలు, చెవులు, సీమంతం-బారసాల, పండగ (వరలక్ష్మీ వ్రతానికి కొనే రూపులు ఇందులోకే వస్తాయి), యాత్రికులు, ఇతరం. మన ఊళ్లో యాత్రికుల్ని విడిగా పెట్టక తప్పదు. కొండ దిగి వచ్చి శ్రీవారి డాలరు కొనుక్కుని ఆ రాత్రే రైలెక్కేవాళ్లను ఊళ్లోవాళ్లతో కలిపితే పండగ లెక్క మొత్తం చెడిపోతుంది. ‘ఇతరం’ పెట్టె నాలుగో వంతు దాటిందంటే కౌంటరులో పిల్లలు అడగకుండానే నింపేస్తున్నారని అర్థం.

రెండో పని: ఒకే కార్యం బిల్లుల్ని కలపడం. ఒకే ఇల్లు, ఒకే కార్యం అయితే మూడు నెలల్లోపు బిల్లులన్నీ ఒక్క వరుసగా రాయండి. పెళ్లికి మూడు నెలలు ఒక్కోసారి చాలవు. ఆషాఢం, పుష్యం లాంటి ముహూర్తాల్లేని నెలలు మధ్యలో పడితే కొనుగోలు సాగుతుంది, కాబట్టి పెళ్లికి ఆరు నెలలు ఇవ్వండి.

మూడో పని: గ్రాముల్లో కొలవడం. 2020 నుంచి బంగారం ధర రెట్టింపు దాటింది. రూపాయల్లో చూస్తే అందరూ ఎక్కువ కొంటున్నట్టే కనిపిస్తుంది, సవరల్లో చూస్తే తగ్గి ఉండొచ్చు. తీసుకెళ్లిన బరువు ఒక గడి, వేసిన పాత బంగారం ఇంకో గడి. ఏ నగ ఎంత బరువులో చేయించాలో మొదటి గడి చెబుతుంది. చేతికి ఎంత డబ్బు వస్తుందో తెలియాలంటే రెండో గడి కూడా కావాలి.

నాలుగో పని: సగటుకు బదులు నడిమి అంకె తీయడం. ఒక నెలలో చెవుల కార్యాలు తొమ్మిది అనుకోండి. గ్రాములు: 1.2, 1.5, 1.6, 1.8, 2, 2, 2.4, 3, 16. సగటు 3.5 వస్తుంది. కానీ ఆ తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది అంతకన్నా తక్కువే కొన్నారు. మనవరాలికి కమ్మలతో పాటు గాజులూ చేయించిన ఒక అవ్వ వల్ల అంకె పైకి పోయింది. వరుసలో నడుమనున్న 2 గ్రాములే అసలు సంగతి. షీటులో D గడిలో కార్యం, E గడిలో గ్రాములు ఉంటే ఇలా వస్తుంది:

```
=MEDIAN(FILTER(E2:E400,D2:D400="చెవులు"))
```

ఒక పెట్టెలో పది కార్యాలైనా లేకపోతే ఆ అంకెను నమ్మి సరుకు చేయించకండి, ఇంకో సీజను ఆగండి.

పెళ్లి పెట్టెలో మాత్రం ఒక్క అంకె సరిపోదు. వరుసను బరువు ప్రకారం పేర్చి చూస్తే చాలాసార్లు మధ్యలో ఖాళీ కనబడుతుంది: కొందరు మూడు నాలుగు సవరల దగ్గర, ఇంకొందరు పది దగ్గర. ఆ ఖాళీ దగ్గరే పెట్టెను రెండు చేయాలి. మూడు సవరల ఇంటివాళ్ల ముందు పది సవరల ట్రే తెరిస్తే ‘మళ్లీ వస్తాం లేన్నా’ అని లేచిపోతారు. వాళ్లకు తాళిబొట్లు, తేలికపాటి నెక్లెసు, కమ్మలు ఒకే ట్రేలో పెట్టి, మొత్తం బరువు ముందే చెప్పండి.