పరిచయం రాయడం, 4వ పాఠం: ఏ చీటీ ముందు?

పోయిన పాఠంలో విషయానికొక చీటీ చొప్పున రాసి పెట్టుకోమన్నాను. ఇప్పుడు వాటిని వరస పెట్టాలి. చాలామంది చెయ్యి నేరుగా పుట్టిన సంవత్సరం ఉన్న చీటీ మీదికే పోతుంది. ఆ తర్వాత బడి, కాలేజీ, మొదటి ఉద్యోగం. వరస దానంతటదే కుదిరిపోయినట్టు అనిపిస్తుంది కానీ, చదివేవాళ్లకు కావలసింది చివర్లో ఎక్కడో ఉండిపోతుంది.

పెళ్లి బయోడేటా రాసేటప్పుడు మాత్రం ఎవరికీ ఈ పాఠం అక్కర్లేదు. గోత్రం, నక్షత్రం, ఎత్తు, ఉద్యోగం, జీతం... అవతలివాళ్ల కన్ను ముందు దేని మీద పడుతుందో మనకు తెలుసు కాబట్టి అదే ముందు రాస్తాం. ఒకటో తరగతి ఏ ఊళ్లో చదివామో రాయం. సభకో, బ్రోషరుకో పరిచయం రాయమంటేనే ఆ తెలివి ఎక్కడికో పోతుంది.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. మా పిన్నమ్మ వరస అయ్యే ఒకావిడ శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తారు. తిరుపతిలో ఒక బడివాళ్లు ఎనిమిదో తరగతి పిల్లలకు రెండు రోజుల శిక్షణ పెట్టాలనుకుని, ఆమె గురించి నాలుగు వాక్యాలు రాసి పంపమన్నారు. ఆమె రాసి ఇచ్చింది ఇది:

"1974లో శ్రీకాళహస్తిలో పుట్టి, అక్కడే పదో తరగతి వరకు చదివి, 1990లో పెళ్లయ్యాక మామగారి దగ్గర కలంకారీ నేర్చుకుని, ఆ తర్వాత ఎనిమిదేళ్లకు సొంతంగా చీరలు, గోడ తెరలు వేయడం మొదలుపెట్టి, 2009లో జిల్లా స్థాయి బహుమతి అందుకుని, 2014 నుంచి ప్రతి వేసవిలో పిల్లలకు నేర్పుతున్నారు."

తప్పేమీ లేదు. కానీ దీన్ని చదివేది ఆ బడి హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈమెను పిలవాలా, వద్దా? అందుకు ఆవిడ మనసులో రెండు ప్రశ్నలుంటాయి. ఈ వయసు పిల్లలకు ఇంతకుముందు నేర్పారా? రంగులు, మంటలు అంటే పిల్లలకు ప్రమాదం ఉండదా? మొదటి ప్రశ్నకు జవాబు వాక్యం చిట్టచివర ఉంది. రెండోదానికి జవాబే లేదు.

ముందు ఆ వాక్యం కట్టు చూడండి. పుట్టి, చదివి, నేర్చుకుని, మొదలుపెట్టి, అందుకుని. వ్యాకరణంలో వీటిని క్త్వార్థకాలు అంటారు. ముందు జరిగిన పని ముందు, తర్వాత జరిగింది తర్వాత చెప్పడమే వీటి పని. కాబట్టి ఈ గొలుసులో ఒక్క ముక్కనూ పైకి జరపలేం. "పిల్లలకు నేర్పి, 1974లో పుట్టి" అంటే నవ్వుతారు. పైగా తెలుగులో అసలు క్రియ చివర వస్తుంది గనుక, చదివేవాళ్లు అన్ని మెట్లూ ఎక్కితే గానీ అది కనిపించదు. అందుకే వరస మార్చేముందు గొలుసు తెంచాలి. ప్రతి 'ఇ'నీ ఒక పూర్తి క్రియగా మార్చండి: పుట్టారు. చదివారు. నేర్చుకున్నారు. చదవడానికి ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఫరవాలేదు, తర్వాత అతుకుదాం.

ఇంకో పని కూడా ఇప్పుడే చేయాలి. "ఆ తర్వాత ఎనిమిదేళ్లకు" లాంటి మాటలు పక్క వాక్యాన్ని పట్టుకుని వేలాడుతుంటాయి. వాక్యం చోటు మారితే అవి వేరేదాన్ని పట్టుకుంటాయి. బహుమతి పక్కకు పోతే, 2009కి ఎనిమిదేళ్లు కలిపి 2017 అనుకుంటారు. కాబట్టి లెక్క కట్టి 1998 అని రాసేయండి. వరస మారినా సంవత్సరం ఉంటే చదివేవాళ్లు కాలక్రమాన్ని మనసులో మళ్లీ పేర్చుకోగలరు.

ఇక చీటీలు. హెడ్‌మిస్ట్రెస్ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చేవి ఒక కుప్ప. ఆ జవాబును నమ్మడానికి పనికొచ్చేవి ఇంకో కుప్ప. మిగిలినవి పక్కన. పిల్లలకు నేర్పడం మొదటి కుప్ప. మామగారి దగ్గర నేర్చుకోవడం, సొంత పని, బహుమతి రెండోది. పుట్టిన సంవత్సరం, పదో తరగతి పక్కకు పోయాయి. పిన్నమ్మ మొహం మాడ్చుకుంది. "పుట్టింది ఎత్తేస్తే ఎట్ల నాయనా, మనిషికి మొదలే లేనట్టుంది" అంది. ఊరు ఎలాగూ మొదటి వాక్యంలోనే వస్తుందని చెబితే ఊరుకుంది.

మొదటి కుప్పలో రెండో ప్రశ్నకు చీటీ లేదు కదా. అందుకే అడిగాను: పిల్లలతో ఏం చేయిస్తావు, మంట దగ్గరికి పోనిస్తావా అని. "పొయ్యి పనులు వాళ్లకెందుకు? కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ నేనే ఆరబెట్టి తీసుకుపోతా. బెల్లం, ఇనుము నానబెట్టిన నల్లరంగుతో గీతలే గీయిస్తా. పటిక పెట్టి ఉడకబెట్టే ఎర్రరంగు నా పని" అంది. బడివాళ్లకు అన్నిటికన్నా కావలసిన విషయం ఇదే. ఆమె రాతలో రాకపోవడానికి కారణం దానికి తేదీ లేకపోవడం. ఎలా పని చేస్తారు, ఎవరితో చేస్తారు, దేనికి ఒప్పుకోరు అనేవి ఏ సంవత్సరంలోనూ జరగవు కాబట్టి, ఏళ్ల వరసలో వాటికి చోటు దొరకదు. మీ చీటీల్లో తేదీ లేనివి ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే ఇంకా అడగాల్సింది ఉందన్నమాట.

చివరికి పంపింది ఇది:

"ఈమె శ్రీకాళహస్తి కలంకారీని 2014 నుంచి ప్రతి వేసవిలో పిల్లలకు నేర్పుతున్నారు. ముందే సిద్ధం చేసిన గుడ్డ మీద వెదురు కలంతో నల్లగీతలు గీయడం వరకే పిల్లలతో చేయిస్తారు. పొయ్యి మీద రంగు ఉడికించే పని వాళ్లకు ఇవ్వరు. 1990లో మామగారి దగ్గర ఈ విద్య మొదలుపెట్టిన ఈమె 1998 నుంచి సొంతంగా చీరలు, గోడ తెరలు వేస్తున్నారు. 2009లో జిల్లా స్థాయి బహుమతి అందుకున్నారు."

నాలుగో వాక్యంలో "మొదలుపెట్టిన ఈమె" అన్నది గమనించారా? పాత విషయాన్ని విశేషణంగా మడిచి, నడుస్తున్న పనికి తగిలించాను. తెంచిన ముక్కలు అతకడానికి ఇది బాగా పనికొస్తుంది. ఒక వాక్యానికి ఒక్క మడత చాలు, రెండైతే మళ్లీ గొలుసే.

కుదిరిందో లేదో చూడాలంటే మొదటి రెండు వాక్యాలు వదిలి మిగతాది చేత్తో మూసి, ఈ సంగతి తెలియని వాళ్లకు చూపించండి. "ఈమెను దేనికి పిలుస్తారు?" అని అడగండి. పిల్లలకు నేర్పడానికి అంటే సరే. "కళాకారిణి అనుకుంటా" అంటే చీటీలు ఇంకా సరైన కుప్పల్లో పడలేదు.

ఇదే పరిచయం చీరల దుకాణం వాళ్లకు పోతే 1998 వాక్యం పైకొస్తుంది. చీరకు ఎన్ని రోజులు పడుతుంది, ఏ రంగులు వాడతారు అనే చీటీలు కొత్తగా కావాలి. పిల్లల సంగతి ఉన్నా లేకున్నా ఒకటే.

వరస మార్చేటప్పుడు ఒక మోసం తెలియకుండానే దూరుతుంది. బహుమతిని పైకి తెచ్చి 2009 తీసేస్తే నిరుడు వచ్చినట్టు ధ్వనిస్తుంది. పైకి తెచ్చేకొద్దీ సంవత్సరం ఇంకా అవసరం. ఉద్యోగ దరఖాస్తులో అనుభవం పట్టిక జోలికి మాత్రం పోకండి. అక్కడ చదివేవాళ్లు మధ్యలో ఖాళీ ఏళ్లున్నాయా అని చూస్తారు కాబట్టి తేదీల వరసే వాళ్లకు కావలసింది. కొత్తది పైన, పాతది కింద.

అభ్యాసం. సర్వేపల్లి రాధాకృష్ణన్ చీటీలు ఇస్తున్నాను: 1888లో తిరుత్తణిలో పుట్టారు, చిన్నప్పుడు కొన్నేళ్లు తిరుపతి బళ్లో చదివారు, 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులు, 1949లో సోవియట్ యూనియన్‌కు రాయబారి, 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి. తిరుపతిలో ఒక బడి గోడ మీద పిల్లల కోసం మూడు వాక్యాలు, విశాఖలో విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం మూడు వాక్యాలు రాయండి. రెండింట్లోనూ పుట్టి, చదివి, అయి అనే గొలుసు రాకూడదు. వచ్చే పాఠంలో ఆ ఆరు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, పక్కన పడేసిన చీటీల్లో ఏవి వెనక్కి తెచ్చుకోవాలో చూద్దాం.