చీర కొనడం నేర్చుకుందాం – 4వ పాఠం: కొలత తెలియని మనిషికి కానుక చీర

పోయిన పాఠం చివర మీ బీరువాలోంచి ఏవైనా మూడు చీరలు తీసి, మడత విప్పి, పొడవు, పన్నా కొలిచి రాసుకోమన్నాను. కొలిచినవాళ్ళకి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, ఏ రెండు చీరలూ ఒక్క కొలతలో లేవని. పన్నా నలభై నాలుగు అంగుళాల చీరా ఉంటుంది, నలభై ఎనిమిదిదీ ఉంటుంది. ఇవాళ్టి పాఠం అక్కణ్ణించే మొదలు.

మా తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. వాళ్ళ ఆఫీసులో సూపరింటెండెంట్ మేడమ్ రిటైర్ అవుతున్నారట. అందరూ తలా కొంచెం వేసుకుంటే నాలుగున్నర వేలు పోగైంది. "చీర కొనేసెయ్యక్కా, డ్రెస్సైతే సైజు కావాలి గానీ చీరకి సైజేముంది" అన్నాడు. ఈ మాట అనని మగవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆడవాళ్ళలోనూ సన్నగా, మధ్యస్తంగా ఉన్నవాళ్ళు ఇదే అంటారు, వాళ్ళకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు కాబట్టి. చీరకి సైజు ఉంది. అది మూడుచోట్ల బయటపడుతుంది: పన్నాలో, పొడవులో, జాకెట్టు ముక్కలో.

ముందు పన్నా సంగతి. చీర బొడ్డు దగ్గర దోపుకుంటే నేలదాకా రావాలి. బొడ్డు నుంచి పాదం దాకా ఉండే దూరం, మనిషి ఎత్తులో సుమారుగా అయిదింట మూడు వంతులు. దానికి లోపలికి దోపడానికి నాలుగంగుళాలు, చెప్పుల కోసం ఒక అంగుళం కలపండి. అయిదడుగుల మనిషికి ఆ లెక్కన 41 అంగుళాలు చాలు, ఏ చీరైనా సరిపోతుంది. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి 45 దాటుతుంది. ఆవిడకి 44 పన్నా చీర పెట్టారంటే అంచు నేలకి అందకుండా అంగుళం పైనే ఆగిపోతుంది, నడుస్తుంటే లంగా అంచు కనిపిస్తుంది. నేను ఒకసారి పొడుగ్గా ఉండే స్నేహితురాలికి సరిగ్గా ఇలాంటిదే పెట్టాను. చాలా బాగుందని పాపం పదిసార్లు చెప్పింది. కట్టగా మాత్రం చూడలేదు. రెండేళ్ళ తర్వాత వాళ్ళ కిటికీకి కర్టెన్‌గా కనిపించింది.

పొడవు లెక్క ఇంకొంచెం తమాషాగా ఉంటుంది. జాకెట్టు ముక్క కాకుండా చీర మామూలుగా అయిదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. కట్టేటప్పుడు నడుము చుట్టూ మొదటి చుట్టు ఒకటి, కుచ్చిళ్ళు పెట్టాక వెనకనుంచి తిప్పే చుట్టు ఇంకొకటి. అంటే మనిషి చుట్టుకొలత అంగుళం పెరిగితే గుడ్డ దాదాపు రెండంగుళాలు ఖర్చవుతుంది. ఆ తర్వాత ముందునుంచి ఎడమ భుజం మీదికి, భుజం మీంచి వెనక కొంగుకి. ఇవన్నీ పోగా మిగిలిందే కుచ్చిళ్ళకి. అయిదంగుళాల వెడల్పు కుచ్చిలి ఒక్కోటి పదంగుళాల గుడ్డ తింటుంది. కాబట్టి చీర పొట్టిదైతే ముందుగా పోయేవి కుచ్చిళ్ళే. ఎనిమిది రావలసినచోట నాలుగొస్తే, ముందుభాగం బిగుతుగా పట్టేసి, అడుగు వేయడానికే ఇబ్బందిగా ఉంటుంది. కొంగు కురచ చేసి కుచ్చిళ్ళు పెంచుకుందామంటే, కొంగు నడుము దగ్గరే ఆగిపోతుంది.

జాకెట్టు ముక్క సంగతి చెప్పడం తేలిక. చీరకి కలిపి నేసింది సాధారణంగా 80 సెంటీమీటర్లు. పొట్టి చేతుల జాకెట్టుకి చాలామందికి సరిపోతుంది. మోచేతి దాకా చేతులు పెట్టించుకునేవాళ్ళకి, లావుగా ఉన్నవాళ్ళకి మీటరు కావాలి. ఇంతే.

సరే, మేడమ్ కొలతలు ఎలా తెలియాలి? అడగలేం కదా. తమ్ముణ్ణి ఫోన్‌లో ఉన్న ఆఫీసు ఫొటోలన్నీ పంపమన్నాను. నాలుగు వచ్చాయి. ఒకదాంట్లో ఆవిడ మావాడి పక్కనే నిలబడ్డారు. ఆవిడ తల వాడి కనుబొమ దగ్గరికి వచ్చింది. వాడు అయిదడుగుల తొమ్మిది, నడినెత్తి నుంచి కనుబొమకి నాలుగంగుళాలు తీసేస్తే ఆవిడ అయిదడుగుల అయిదు. లెక్క వేస్తే 39, దోపడానికి 4, చెప్పులకి 1, మొత్తం 44. సరిగ్గా 44 కొంటే మిగులు ఏమీ ఉండదు, నేత నూలుదైతే ఉతుకులో కాస్త కుంచించుకుంటుంది కూడా. అందుకని 46కి తక్కువైతే వద్దనుకున్నాం. ఫొటోలో మీ ఇంటి మనిషి పక్కన లేకపోతే, తలుపు పక్కనో కుర్చీ పక్కనో ఉన్న ఫొటో చూసుకోండి, ఆ వస్తువుని వెళ్ళి కొలవొచ్చు.

చుట్టుకొలత ఫొటోలో తెలియదు, ఊహించడమే. కాస్త ఎక్కువే ఊహించండి. చీర కొంచెం మిగిలితే ఇంకో కుచ్చిలి పెట్టుకుంటారు, నష్టమేమీ లేదు. మేం 44 అంగుళాలనుకున్నాం. మొదటి చుట్టుకి 44, రెండో చుట్టుకి 40, ముందునుంచి భుజం దాకా 28, కొంగుకి 38. మొత్తం 150 అయింది. అయిదున్నర మీటర్ల చీరలో 66 అంగుళాలు మిగులుతుంది, ఆరు కుచ్చిళ్ళు. పరవాలేదు. అదే అయిదుంపావు మీటర్లు కూడా లేని చీరైతే అయిదే వస్తాయి, అవీ ఇరుకుగా.

అభిరుచి కూడా ఆ నాలుగు ఫొటోల్లోనే ఉంది. చాలామంది "ఆవిడకి ఏ రంగిష్టం" దగ్గర ఆగిపోతారు. రంగు తర్వాత. కట్టు ఎలా ఉందో ముందు చూడండి. మూడు ఫొటోల్లో మేడమ్ పైట మడతలు సమంగా పేర్చి పిన్ను పెట్టుకున్నారు. అలా కట్టేవాళ్ళకి జారిపోయే జార్జెట్టు, షిఫాన్ పెడితే వాళ్ళకి నరకం. మడత పెడితే మడత నిలిచే గుడ్డ కావాలి. పైట ఒంటిపొరగా వదిలేసి కట్టేవాళ్ళకి దీనికి పూర్తిగా తిరగేసి ఆలోచించాలి, బిర్రుగా ఉండే గుడ్డ భుజం మీద గొడుగులా నిలబడుతుంది. ఇందులో ఒక మోసం ఉంది: ఆఫీసులో పని కోసం పిన్ను పెట్టుకుని, పెళ్ళిళ్ళలో పైట వదిలేసేవాళ్ళూ ఉంటారు. అందుకే ఫంక్షను ఫొటో ఒక్కటైనా సంపాదించండి. మేడమ్‌ది ఆగస్టు పదిహేను ఫొటో, ఇంకొకరి వీడ్కోలు సభ ఫొటో దొరికాయి. రెంటిలోనూ అదే చీర, బూడిద కలిసిన నీలం, రెండువేళ్ళ అంచు. పదిమందిలోకి వచ్చేటప్పుడు మళ్ళీ మళ్ళీ కట్టిన చీర దొరికిందంటే మీ పని సగం అయిపోయినట్టే. ఆ చీరనే మళ్ళీ కొనమని కాదు. అంచు వెడల్పు, బరువు, ఒళ్ళంతా పువ్వులున్నాయా సాదాగా ఉందా, ఈ మూడూ దాన్నుంచి తీసుకుని రంగు మార్చండి.

ఇన్ని చూశాక మంగళగిరి పట్టు దగ్గర ఆగాం. మంగళగిరి నేతలో ఒంటిమీద బుటాలు, పువ్వులు లేకుండా సాదాగా ఉండడమే సంప్రదాయం, ఉన్న అందమంతా జరీ అంచులో, కొంగులో ఉంటుంది. తెలియని మనిషికి కానుకగా ఇవ్వడానికి ఇది కలిసొస్తుంది, ఎందుకంటే నచ్చకపోవడానికి అందులో వస్తువులు తక్కువ. మడత నిలుస్తుంది, కంచిపట్టులా బరువుండదు. అరవైకి దగ్గరపడ్డ మనిషికి కేజీ బరువు చీర పెట్టి, కట్టలేదని మనం నొచ్చుకోవడం న్యాయం కాదు.

దుకాణానికి టేపు తీసుకెళ్ళాను. నచ్చిన మొదటి చీర మావిడి చిగురు రంగు. పన్నా 47, బాగానే ఉంది. పొడవు కొలుస్తానంటే కౌంటరు అబ్బాయి "అన్నీ ఆరూ ముప్ఫయ్యే మేడమ్, జాకెట్టుతో కలిపి" అన్నాడు. గుడ్డ విప్పి టేపు పరిచాను. కొంగు చివర నుంచి కట్టుచెంగు దాకా జాకెట్టుతో సహా సరిగ్గా ఆరు మీటర్లు. జాకెట్టుకి 80 సెంటీమీటర్లు పోతే చీరకి మిగిలేది అయిదు మీటర్ల ఇరవై. కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు, వాడి తప్పేం లేదు, వాడూ ఎవరో చెప్పిందే చెప్పాడు. పక్కన పెట్టేశాం. ముదురు ఆకుపచ్చకి ఇటికరంగు అంచున్నది తీస్తే పన్నా 46, మొత్తం ఆరూ ముప్ఫై రెండు. గడప దాకా తీసుకెళ్ళి ఎండ వెలుగులో చూశాం, లైటు కింద ఆకుపచ్చగా కనిపించింది బయట నెమలి రంగులోకి తిరగలేదు. అదే తీసుకున్నాం.

మేడమ్ జాకెట్టు చేతులు నాలుగు ఫొటోల్లోనూ మోచేతి దాకా ఉన్నాయి, కాబట్టి 80 సెంటీమీటర్లు ఆవిడకి చాలదు. మంగళగిరి గుడ్డ మీటర్ల లెక్కన కూడా దొరుకుతుంది గనక, అంచు రంగులోనే విడిగా ఒక మీటరు తీయించి చీరలో పెట్టాం. దీనివల్ల ఇంకో లాభం ఉంది. చీరకి ఉన్న జాకెట్టు ముక్కని కత్తిరించకుండా అలాగే ఉంచుకుంటే, లావుగా ఉన్నవాళ్ళకి ఆరు మీటర్ల పైచిలుకు చీర చేతికొస్తుంది. అదనపు ముక్క కట్టుచెంగు వైపున ఉంటే లోపలి చుట్టులో కలిసిపోతుంది. కొన్నిటికి అది కొంగు వైపు నేస్తారు, అప్పుడు ఈ ఉపాయం పనికిరాదు, విప్పినప్పుడే చూసుకోండి.

బిల్లు కట్టేచోట "ఫాల్, జిగ్‌జాగ్ కొట్టించి ఇమ్మంటారా" అని అడుగుతారు. కానుకైతే వద్దనండి. ఫాల్ కుట్టిన చీరని మార్చుకోవడానికి ఏ కొట్టువాడూ ఒప్పుకోడు. రంగు కలిసే ఫాల్ ఒకటి కొని జాకెట్టు గుడ్డతో పాటు మడతలో పెట్టండి. మార్చుకోవడానికి ఎన్ని రోజులు గడువో అడిగి, ధర చింపేసిన బిల్లు ముక్క కాకుండా, మార్పిడికి పనికొచ్చే చీటీ విడిగా రాయించుకోండి. ఇచ్చేటప్పుడు "మార్చుకోవచ్చండి" అని ఒక్కమాట చెప్పమన్నాను తమ్ముడితో. వాడు నలుగురిలో అనలేక, సభ అయిపోయాక కారు దాకా వెళ్ళి చెప్పొచ్చాడు.

ఈ వారం అభ్యాసం: మీకు పెద్దగా పరిచయం లేని ఒకావిడని ఎంచుకోండి, పక్కింటి అత్తయ్యగారైనా సరే, మీ పిల్లల టీచరైనా సరే. మీ దగ్గరున్న ఫొటోల్లోంచి ఆవిడ ఎత్తు అంచనా వేసి, కావలసిన పన్నా లెక్కగట్టండి. పైట కట్టు, అంచు వెడల్పు, జాకెట్టు చేతుల పొడవు రాసుకోండి. ఏ రంగు కొనాలో ఇప్పుడే తేల్చొద్దు, అయిదో పాఠం మొత్తం దాని గురించే.