జీవిత పరిచయం రాయడం – మూడో భాగం: నోట్సు నుంచి పేరాలకు

పోయిన భాగంలో లాంగ్ నోట్‌బుక్ పేజీని నాలుగు గళ్ళు చేసి, పుట్టుక, కుటుంబం, చేసిన పని, మరణం అని పైన రాసి, దొరికిన ప్రతి సంగతినీ ఏదో ఒక గడిలో వేసుకున్నాం కదా. ఈసారి ఆ గళ్ళను పేరాలు చేద్దాం. ఎనిమిదో తరగతి చదివే మా అన్న బిడ్డ ఎఫ్ఏ ప్రాజెక్టు కోసం భాగ్యరెడ్డివర్మ గురించి రాసింది. నల్లగొండలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరం దాన్ని దిద్దినం. ఆ కాగితాన్నే పాఠంగా పెడుతున్నా.

తను మొదట రాసింది ఇది: "భాగ్యరెడ్డివర్మ 1888 మే 22న హైదరాబాదులో జన్మించాడు. ఆయన రెడ్డి కులంలో పుట్టినా దళితుల కోసం పాటుపడ్డారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. 1910లో పాఠశాలలు పెట్టారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించాడు. 51వ ఏట 1939 ఫిబ్రవరి 18న మరణించారు. ఆయన మరణం తీరని లోటు."

ముందు రెండో వాక్యం చూడండి. పేరులో రెడ్డి ఉంది కాబట్టి రెడ్డి కులం అనుకుంది పిల్ల, పెద్దవాళ్ళు కూడా చాలామంది అలాగే అనుకుంటారు. ఆయన అసలు పేరు మాదరి భాగయ్య, తల్లి రంగమ్మ, తండ్రి వెంకయ్య, పుట్టింది మాల కుటుంబంలో. మరి రెడ్డి ఎక్కడిది? వాళ్ళ కుటుంబ గురువు ఆయనను భాగ్యరెడ్డి అని పిలిచారు, రేడు అంటే రాజు కదా, ఒకప్పుడు ఈ నేలను ఏలినవాళ్ళు మీరే అని దాని వెనక భావం. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం వాళ్ళు ఇచ్చిన బిరుదు. ఇదంతా తెలిసినాక మా పిల్ల అడిగింది, "బాబాయ్, ఇది కుటుంబం గడిలో వెయ్యాల్నా, పని గడిలో వెయ్యాల్నా?" మంచి ప్రశ్నే. పుట్టుక పేరాలోనే వేసినం, ఎందుకంటే చదివేవాళ్ళకు పేరు చూడగానే వచ్చే అనుమానం అక్కడే తీరిపోవాలి, మూడో పేరా దాకా ఆగితే అప్పటికే తప్పుగా అనుకుని ఉంటారు.

దిద్దిన పుట్టుక పేరా ఇట్లా వచ్చింది: "భాగ్యరెడ్డివర్మ 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు రంగమ్మ, మాదరి వెంకయ్య. ఆయనకు వాళ్ళు పెట్టిన పేరు భాగయ్య. రేడు అంటే రాజు అనే అర్థంలో కుటుంబ గురువు ఆయనను భాగ్యరెడ్డి అన్నారు. 1913లో ఆర్యసమాజం వర్మ అనే బిరుదు ఇచ్చింది." పుట్టుక, కుటుంబం రెండు గళ్ళూ ఇందులోనే కలిసిపోయాయి, కుటుంబానికి వేరే పేరా అక్కర్లేదు. అన్నట్టు, మొదటి కాగితంలో ఒక చోట "జన్మించాడు", ఇంకో చోట "పాటుపడ్డారు" అని ఉంది చూడండి, అది కలగాపులగం. పెద్దవాళ్ళ గురించి రాస్తున్నాం కాబట్టి "రు" పట్టుకుంటే చివరిదాకా "రు"తోనే పోవాలి.

ఇప్పుడు అసలైనది, పని గడి. ఇక్కడే అందరం జారిపోతాం. 1906, 1910, 1917 అని సంవత్సరాలు వరసగా పేరిస్తే అది బస్టాండులో టైం బోర్డులాగ ఉంటది, మనిషి కనబడడు. నేను చేసేదేంటంటే, ఉన్న పనుల్లో ఒక్కదాన్ని పట్టుకుని దానికి మూడు ప్రశ్నలు వేస్తా: అంతకుముందు ఎట్లా ఉండేది, ఈయన ఏం చేశారు, దాంతో ఏం మారింది. ఈ మూడింటికీ మీ నోట్సులో జవాబులు దొరికే పనినే పెద్ద పేరా చెయ్యాలి, దొరకనివి ఒక్కో వాక్యంతో దాటెయ్యొచ్చు. మా పిల్ల బెజవాడ సభను తీసుకుంది. తను రాసుకున్న వాక్యం "1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించాడు" అంతే. అది ఏం సభ, ఎందుకు పెట్టారు అని అడిగితే మొహం తేలేసింది. మళ్ళా నోట్సు తిరగేసి ఇట్లా రాసింది:

"అప్పట్లో దళితులను పంచములు అనేవారు. అంటే నాలుగు వర్ణాలకూ బయట ఉన్న ఐదోవాళ్ళు అని. 1917 నవంబరులో బెజవాడలో వాళ్ళ మొదటి ఆంధ్రదేశ మహాసభ పంచముల పేరుతోనే జరిగింది. దానికి అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ. పంచమ అనే మాట పురాణాల్లో ఎక్కడా లేదని, తాము ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్ళమని ఆయన వాదించారు. ఆ సభ తన పేరును ఆది ఆంధ్ర మహాసభ అని మార్చుకుంది."

ఆరే వాక్యాలు, కానీ మూడు ప్రశ్నలకూ జవాబుంది. పైగా మొదటి పేరాలో పేరు సంగతి చెప్పినం కదా, ఇక్కడ ఒక జనం పేరు మార్చుకున్న సంగతి వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇది నేను అనుకుని చేసింది కాదు, గళ్ళలో పక్కపక్కన వేసుకుంటే అదే కనబడింది.

బడుల సంగతికి అంత చోటు అక్కర్లేదనుకున్నం, కానీ ఒక అంకె మాత్రం వదలబుద్ధి కాలేదు: 1910లో మొదలుపెట్టిన బడులు 1933 నాటికి 26 అయ్యాయి, వాటిలో సుమారు 2,500 మంది పిల్లలు. మొదలు, చివర రెండూ చెప్పే అంకె అయితేనే పెట్టండి. "చాలా పాఠశాలలు స్థాపించారు" అంటే ఎవరి గురించైనా రాయొచ్చు.

జగన్మిత్ర మండలి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. "18 ఏళ్ళ వయసులో స్థాపించారు" అని రాద్దామంది. 1906లోంచి 1888 తీసేస్తే 18 వస్తది, నిజమే. కానీ ఏ నెలలో పెట్టారో మన నోట్సులో లేదు, మే 22 కంటే ముందైతే 17 ఏళ్ళే కదా. అందుకని "ఇరవై ఏళ్ళు నిండకముందే" అని రాసినం, అది ఎటు చూసినా తప్పు కాదు.

మరణం దగ్గరా ఇదే లెక్క. 1939లోంచి 1888 తీసేసి 51 అని రాసింది. కానీ పోయింది ఫిబ్రవరిలో, పుట్టినరోజు మేలో, అంటే ఆ ఏడు పుట్టినరోజు ఇంకా రానేలేదు, నిండింది 50 ఏళ్ళే. "51వ ఏట" అంటే 51 నడుస్తోంది అని కాబట్టి అది చెల్లుతుంది, "51 ఏళ్ళ వయసులో" అంటే మాత్రం తప్పే. ఇలాంటి గొడవ లేకుండా "50 ఏళ్ళు నిండాక" అని పెట్టినం. ఆఖరున ఉన్న "తీరని లోటు"ను కొట్టేసినం. పిల్ల ఒప్పుకోలేదు, టీచర్ మార్కులు కట్ చేస్తదేమో అని టెన్షన్ పడ్డది. లోటు ఎవరికి, ఏం లోటు అని ఒక వాక్యం రాయి, అప్పుడు ఉంచుకుందాం అన్నా. కాసేపు పెన్ను కొరికి తనే కొట్టేసింది.

ఇప్పుడు మీ వంతు. మీ పని గడిలోంచి ఒక్క పని తీసి మూడు ప్రశ్నలూ వెయ్యండి. వయసు రాసిన ప్రతిచోటా నెల చూడండి. వచ్చే భాగంలో, ఇద్దరు పెద్దలు ఒకే సంగతికి రెండు వేర్వేరు తేదీలు చెబితే ఏది రాయాలో చూద్దాం.