బ్లైండ్‌ఫోల్డ్ క్యూబ్: చివర్లో రెండు మూడు ఎడ్జ్‌లు తప్పుగా మిగిలే సమస్య (నా అనుభవం)

కళ్లకు గంతలు కట్టుకుని రూబిక్స్ క్యూబ్ సాల్వ్ చేసేటప్పుడు, గంతలు తీస్తే క్యూబ్ దాదాపు సాల్వ్ అయ్యేది, రెండు మూడు ఎడ్జ్‌లు తప్ప. నెమ్మదిగా తిప్పడం, లెటర్ పెయిర్లు మళ్లీ మళ్లీ వల్లెవేయడం, అల్గారిథమ్ మార్చడం: ఏదీ పనిచేయలేదు.

తేడా కొత్త సైకిల్ మూసే చోట ఉంది. నాది ఓల్డ్ పాక్‌మన్ పద్ధతి, స్టిక్కర్లకు స్పెఫ్జ్ అక్షరాలు, బఫర్, అంటే ముక్కలను ఒక్కొక్కటిగా వాటి చోటికి పంపే స్థానం, పైన-కుడి ఎడ్జ్. బఫర్ ముక్క తన చోటికి వచ్చేసి, ఇంకా ఎడ్జ్‌లు మిగిలితే ఇలా చేస్తున్నాను. తప్పుగా ఉన్న 'సి' (పైన-ముందు) ఎంచుకుని, ముందు ఆ అక్షరమే గుర్తుపెట్టుకుంటాను. అక్కడున్న స్టిక్కర్ 'జె'కి, జెలో ఉన్నది 'వి'కి వెళ్లాలి. విలో ఉన్నది 'ఐ'కి వెళ్లాలి. ఐ అంటే సి ముక్కకే రెండో వైపు, కాబట్టి సైకిల్ ముగిసింది. ఆ చివరి అక్షరం వదలకూడదు. అలవాటుగా 'సి' అనుకోకుండా, కనిపించిన 'ఐ'నే రాసుకోవాలి. సి అనుకుంటే ఎడ్జ్‌లు తిరగబడి మిగులుతాయి. సీజే, వీఐ: చీఫ్ జస్టిస్ ఒక వీఐపీకి తలుపు తీస్తున్నట్టు ఊహించుకుంటాను.

బఫర్ లేని సైకిల్‌లో ముక్కల కంటే ఒక అక్షరం ఎక్కువ రావాలి. ఇక్కడ మూడు ముక్కలకు నాలుగు. తన చోటే తిరగబడిన ఎడ్జ్‌కి రెండు. కళ్లకు గంతలు కట్టుకునే ముందే ఈ లెక్క చూసుకుంటాను.

ఎమ్2 పద్ధతి వాడేవాళ్లకూ సైకిల్ ట్రేసింగ్ ఇదే. తిరగబడ్డ ఎడ్జ్‌లకు వేరే అల్గారిథమ్ వాడేవాళ్లకు ఆ రెండక్షరాలు అక్కర్లేదు. మీకు కార్నర్లు కూడా తప్పుతుంటే కారణం వేరే అయి ఉండొచ్చు.