కార్తీకంలో కీటో: మెనూ మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్క

గోదావరి డెల్టాలో కీటో, అంటే పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి, పాటించేవాళ్ళకి ఏడాదిలో ఎక్కువ నెలలు ప్రొటీన్ గురించి బెంగ ఉండదు. శీలావతి, బొచ్చె, రొయ్య, కోడిగుడ్డు అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. వీటిలో పిండిపదార్థం లేనట్టే. చిక్కు దీపావళి మర్నాడు మొదలవుతుంది. కార్తీకమాసం నెల్లాళ్ళూ నీచు మానేసే ఇళ్ళలో ఆ ప్రొటీన్ ఒక్కసారిగా పళ్ళెంలోంచి వెళ్ళిపోతుంది. ఆ ఖాళీలోకి పప్పు, పాలు, పెరుగు, జీడిపప్పు వచ్చి కూర్చుంటాయి. వాటిలో ప్రొటీన్ ఉన్నమాట నిజమే, కానీ దాని వెంట పిండిపదార్థమూ వస్తుంది. అందుకే నెల మొదలవకముందే ఒక రోజు మెనూ కాగితం మీద పెట్టి రెండు అంకెలూ కూడి చూసుకోవాలి.

అంతకన్నా ముందు మందుల సంగతి. షుగరుకి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకి పిండిపదార్థం బాగా తగ్గితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళు కీటో చేస్తూ సోమవారం ఉపవాసం కూడా ఉంటే, రక్తంలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం, రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే మీటరులో అంకె బాగుందని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వీళ్ళూ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళూ, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ డాక్టరుతో మాట్లాడకుండా ఈ మెనూ జోలికి పోకూడదు. మూర్ఛకి పిల్లలకిచ్చే కీటో వేరు, దాని లెక్క ఆసుపత్రిలోనే వేస్తారు.

ఇక లెక్క. కీటోలో రోజుకి పిండిపదార్థం 20 నుంచి 50 గ్రాముల మధ్య పెట్టుకుంటారు. ఇక్కడ 30 గ్రాములు హద్దు అనుకుందాం. ప్రొటీన్‌ని ఇప్పుడున్న బరువుకి కాక, ఎత్తుకి తగ్గ బరువుకి లెక్కకట్టాలి. 78 కిలోలున్న ఒకావిడ ఎత్తుకి 60 కిలోలు తగినదైతే, కిలోకి 1.2 గ్రాముల చొప్పున 72 గ్రాములు కావాలి. పిండిపదార్థానిది దాటకూడని గీత, ప్రొటీన్‌ది అందుకోవాల్సిన గీత. ఒకటి సరిపోయిందని రెండోది చూడకుండా వదిలేయడమే చాలామంది చేసే పొరపాటు.

ఆవిడ రాసుకున్న మొదటి మెనూ ఇలా ఉందనుకుందాం. పొద్దున 150 మి.లీ. పాలతో చక్కెర లేని కాఫీ. మధ్యాహ్నం 150 గ్రాముల బెండకాయ వేపుడు, 30 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, 150 గ్రాముల పెరుగు. సాయంత్రం 30 గ్రాముల వేరుశనగ గుళ్ళు. రాత్రి 150 గ్రాముల పనీర్, 100 గ్రాముల టమాటా, చిక్కదనానికి 20 గ్రాముల జీడిపప్పు ముద్ద. అన్నం లేదు, చపాతీ లేదు, చూడ్డానికి నిఖార్సైన కీటోలాగే ఉంది.

కూడి చూడండి. పిండిపదార్థం కాఫీలో 7, బెండకాయలో 6.5, పప్పులో 17, పెరుగులో 7, వేరుశనగలో 5, పనీర్‌లో 6, టమాటాలో 3, జీడిపప్పులో 5 గ్రాములు. మొత్తం 56.5, హద్దుకి దాదాపు రెట్టింపు. ప్రొటీన్ అదే వరసలో 5, 3, 6.5, 5, 7, 27, 1, 4. మొత్తం 58.5, అంటే 13 గ్రాములకి పైనే తక్కువ. ఆ పప్పు ఆరున్నర గ్రాముల ప్రొటీన్ ఇచ్చి పదిహేడు గ్రాముల పిండిపదార్థం మోపింది. నీళ్ళు పోసి పలచగా చేసినా వేసిన పప్పు అంతే కాబట్టి లెక్కా అంతే.

దిద్దేటప్పుడు ఒక గ్రాము ప్రొటీన్‌కి ఎంత పిండిపదార్థం వస్తోందో చూసి, ఎక్కువ మోసుకొచ్చేదాన్ని ముందు తీసేయాలి. పప్పు, జీడిపప్పు పోతాయి. జీడిపప్పు బదులు 20 గ్రాముల పచ్చికొబ్బరి నూరి వేస్తే 1 గ్రాముతో పోతుంది. కాఫీలో పాలు 50 మి.లీ.కి, పెరుగు 100 గ్రాములకి, టమాటా 50 గ్రాములకి తగ్గుతాయి. బెండకాయ స్థానంలో 150 గ్రాముల తోటకూర, పనీర్ 200 గ్రాములు, కొత్తగా 25 గ్రాముల మీల్ మేకర్. ఇప్పుడు పిండిపదార్థం 32, ప్రొటీన్ 66. దగ్గరికొచ్చింది గానీ రెండు గీతలూ ఇంకా తప్పుతూనే ఉన్నాయి.

మాంసం, గుడ్డు రెండూ లేనప్పుడు ఈ చివరి దూరం దాటడం కష్టం. వేరుశనగ తీసేసి, నీళ్ళలో కలిపిన వే ప్రొటీన్ ఒక స్కూపు (డబ్బా మీద 24 ప్రొటీన్, 2 పిండిపదార్థం అని ఉన్నది) పెడితే పిండిపదార్థం 29, ప్రొటీన్ 83 అవుతాయి. అప్పుడు పనీర్‌ని తిరిగి 150 గ్రాములకి తగ్గించుకోవచ్చు. చివరికి పిండిపదార్థం 27, ప్రొటీన్ 74. మిగిలిన ఆ 3 గ్రాములు మసాలా పొడికీ, తాలింపులో మినప్పప్పుకీ ఉండాలి. వాటిని వేరే దేనికీ ఖర్చుపెట్టకండి.

లెక్క కాగితం మీద సరిపోయి కూడా పళ్ళెంలో తప్పడానికి కారణాలు కొన్నే. మీల్ మేకర్ నానితే బరువు రెండు మూడు రెట్లవుతుంది. పైన చెప్పిన 25 గ్రాములు నానకముందు తూచినవి. నానినవి 25 గ్రాములు వేసి 13 గ్రాముల ప్రొటీన్ రాసుకుంటే అందులో సగానికి పైగా ఉత్తదే. పప్పు, కూర, పనీర్ అన్నీ పచ్చివిగానే తూచాలి. గరిటెలు, గ్లాసుల లెక్క పనికిరాదు, ఒక గ్రాము తేడా చూపే చిన్న తూకం మిషను కొనుక్కోవాలి.

రెండోది పీచు. అమెరికా పట్టికల్లో పిండిపదార్థం అంకెలో పీచు కలిసే ఉంటుంది, దాన్ని తీసేయాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో పీచు ముందే తీసేసి ఉంటుంది. దానిలోంచి మళ్ళీ తీసేస్తే ఆకుకూరలూ వేరుశనగా పిండిపదార్థమే లేనట్టు కనిపిస్తాయి. ఫోన్‌లో యాప్ వాడేవాళ్ళు అది ఏ పట్టిక తీసుకుందో చూసుకోవాలి.

పనీర్ పైన వేసిన అంకెలు వందకి 18 ప్రొటీన్, 4 పిండిపదార్థం ఉన్న పాకెట్‌వి. మీ పాకెట్ మీద ఏముంటే అదే రాయండి. విడిగా అమ్మేదాంట్లో గంజిపిండి కలిసే అవకాశం ఉంది. చిన్న ముక్క నీళ్ళలో ఉడికించి, చల్లారాక టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే నీలం తిరిగిందంటే పిండి కలిసినట్టే. ఆ పనీర్ మీద వేసిన లెక్క ఏదీ నిలవదు.

పులుసు విషయంలో మన నాలుకే అడ్డం. పది గ్రాముల చింతపండు గుజ్జులో సుమారు 6 గ్రాములు, రుచికి వేసే చిన్న బెల్లం ముక్కలో ఇంకో 9. ఈ నెల్లాళ్ళు పులుపుకి నిమ్మరసం పిండుకోవడమే మేలు. నాగులచవితి చలిమిడి, చిమ్మిలి, వనభోజనాల పులిహోర ఉండే రోజులు ముందే తెలుసు కాబట్టి వాటిని కూడా కాగితం మీదే పెట్టండి. యాభై గ్రాముల పులిహోర ప్రసాదంలో అన్నమే 14 గ్రాముల దాకా ఇస్తుంది. ఆ రోజు పెరుగు, కాఫీ, టమాటా పూర్తిగా మానేసినా 9 గ్రాములే తగ్గుతాయి, మొత్తం 32 అవుతుంది. ప్రసాదం ఒక చెంచాతో ఆపితేనే గీత లోపల ఉంటారు.



సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉండి ఒకే పూట తినేవాళ్ళకి 74 గ్రాముల ప్రొటీన్ ఆ పూటలో పట్టదు. పనీర్ కూరతో భోజనం చేసి, పడుకోబోయే ముందు వే ప్రొటీన్ తాగినా 50, 60 దగ్గర ఆగుతుంది. వారానికి ఒక రోజు అలా తగ్గితే పరవాలేదు, తక్కిన ఆరు రోజులూ గీత అందుకోవాలి. ఆ లోటు పూడ్చడానికి అరటిపండో సగ్గుబియ్యమో తీసుకుంటే మాత్రం ప్రొటీన్ రాదు, ఒక్క అరటిపండుతోనే రోజు హద్దులో మూడింట రెండు వంతులు అయిపోతుంది.